ఏం కూలి?

వైద్య విద్యార్థులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. జతపరచండి. ఎడమ పక్క సిలికా, ఆస్‌బెస్టాస్, పత్తి దుమ్ము, చెరకు పిప్పి. కుడి పక్క బిసినోసిస్, బగాసోసిస్, సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్, వరుస తారుమారు చేసి. సగం జవాబు పేర్లలోనే ఉంది కాబట్టి అర నిమిషంలో గీతలు గీసేసి పిల్లలు తర్వాతి ప్రశ్నకు పోతారు. కాస్త తడబడేది బిసినోసిస్ దగ్గరే. సన్నని నారబట్టకు ప్రాచీన గ్రీకులో ఉన్న మాటలోంచి ఆ పేరు వచ్చిందని ఒక్కసారి చెబితే అదీ గుర్తుండిపోతుంది.

ఈ ప్రశ్నను నేను చాలా ఏళ్లు క్లాసులో అడిగాను, జవాబులు దిద్దాను. ఓపీలో కూర్చున్నాక తెలిసింది, అక్కడ ఎడమ పక్క కాలమ్ ఉండదని. ఎదురుగా మనిషి ఉంటాడు, దగ్గు ఉంటుంది, చేతిలో ఎక్స్‌రే కవరు ఉంటుంది. చీటీ మీద వృత్తి అన్న గడిలో 'కూలి' అని ఉంటుంది. రైతు, గృహిణి, కూలి: మన ఆసుపత్రి చీటీల్లో సగం దేశం ఈ మూడు మాటల్లో ఇమిడిపోతుంది. ఆ మూడో మాటను విప్పితే తప్ప ఎడమ కాలమ్ నిండదు.

రోగిని ఏమేం అడగాలో హిప్పొక్రటిస్ చెప్పాడు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తి రోగాల మీద పుస్తకం రాస్తూ ఆ ప్రశ్నలకు మరొకటి కలిపాడు: నువ్వు చేసే పని ఏమిటి? మూడు వందల ఏళ్లు దాటినా మనం ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాం గానీ మొదటి జవాబు దగ్గరే ఆగిపోతున్నాం. రెండో ప్రశ్న, 'ఏం కూలి?' అనేది, అడగడానికి తీరిక ఉండదు.

ఒక మనిషి కథ చెబుతాను. నేను చూసిన నలుగురైదుగురిని కలిపి ఒకణ్ణి చేశాను, కాబట్టి పేరు అక్కర్లేదు. పాలమూరు జిల్లా మనిషి. 2023లో వచ్చినప్పుడు వయసు ముప్పై నాలుగు. రెండేళ్లుగా దగ్గు, ఆయాసం. తొమ్మిది కిలోలు తగ్గాడు. అప్పటికి రెండుసార్లు ఆరేసి నెలల టీబీ మందులు వాడాడు. రెండుసార్లూ ఉమ్మి పరీక్షలో క్రిమి దొరకలేదు, ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టారు. ఆ డాక్టర్లను తప్పు పట్టలేను. ఊపిరితిత్తుల పైభాగంలో రెండు వైపులా మచ్చలుంటే ఈ దేశంలో మొదట తట్టేది టీబీయే, నూటికి తొంభైసార్లు అది సరైన ఆలోచనే.

"ఏం పని చేస్తారు?"

"కూలి, సార్."

"ఏం కూలి?"

"ఏది దొరికితే అది. ఇప్పుడైతే రేకులు కొడత. అంతకుముందు పిండి మిల్లుల చేసిన."

పిండి మిల్లు అనగానే మనకు జొన్నపిండి, బియ్యప్పిండి గుర్తొస్తాయి. నాకూ అంతే. కలం కదలబోతూ ఆగింది, ఏం పిండి అని అడిగాను.

"తినే పిండి గాదు సార్. రాయి పిండి. పలుగురాయి."

పలుగురాయి అంటే క్వార్ట్జ్. చేలగట్ల మీద తెల్లగా మెరుస్తూ, చిన్నప్పుడు ఒకదానితో ఒకటి కొట్టి నిప్పురవ్వలు రప్పించిన రాయి. దాదాపు అంతా సిలికాయే. దాన్ని పొడి చేసి గాజు పరిశ్రమకు పంపుతారు, ఇనుము కరిగించే కొలిముల లోపల పూతగా వేస్తారు. ఆ పొడిని బస్తాల్లో నింపే పని ఇతనిది. రేకుల షెడ్డు, మూడు వైపులా గోడ. మిల్లు పైపు మూతికి బస్తా పట్టుకోవాలి, నిండాక కుట్టాలి, పక్కన పేర్చాలి. పన్నెండు గంటల షిఫ్టు. మూతికి తువ్వాలు. ఆరేళ్లు చేశాడు, 2009 నుంచి 2015 దాకా. ఇంకా వెనక్కి వెళ్తే, పదిహేడేళ్ల వయసులో వరంగల్ వైపు పత్తి జిన్నింగు మిల్లులో మూడు సీజన్లు. మిల్లు వదిలాక సిమెంటు రేకులు కోసి, బోల్టులు బిగించి షెడ్లు వేసే పని, 2022 దాకా క్రమంగా, ఇప్పుడు ఓపిక ఉన్నప్పుడు.

చూశారా, పరీక్ష ప్రశ్నలో నాలుగు వరుసలుగా ఉన్నవాటిలో మూడు ఒకే మనిషి బతుకులో ఉన్నాయి. పత్తి, పలుగురాయి, సిమెంటు రేకుల్లోని రాతినార. అతని ఊపిరితిత్తిలో ఉన్నది వీటిలో ఏది చేసిన పని? మందుల సంగతి తర్వాత, నష్టపరిహారం సంగతి ఆ తర్వాత. ముందు ఇది తేలాలి.

పత్తితో మొదలుపెట్టాను. జిన్నింగు మిల్లులో ఉన్నప్పుడు ఆయాసం వచ్చేదా అని అడిగితే చాలామంది లేదంటారు. అడగాల్సిన తీరు వేరే ఉంది: సెలవు అయిపోయి మళ్లీ పనిలోకి దిగిన రోజు ఎట్లా ఉండేది? అతను వెంటనే తలెత్తాడు. అంగడి రోజు మిల్లు బంద్. మర్నాడు పనికి పోతే మధ్యాహ్నం దాటేసరికి రొమ్ము పట్టేసినట్టు ఉండేది, దగ్గు, ఒళ్లు వెచ్చబడేది. ఆ మరుసటి రోజుకు తగ్గేది. వారమంతా బాగానే ఉండి మళ్లీ అంగడి మర్నాడు అదే వరస. పాత మేస్త్రీలు 'కొత్తలో అట్లనే ఉంటది' అనేవారట.

ఆదివారం సెలవుండే మిల్లుల్లో దీన్ని సోమవారం జ్వరం అంటారు. బిసినోసిస్‌కు ఇంతకు మించిన గుర్తు లేదు. ఉబ్బసం నడక దీనికి ఎదురు: దుమ్ముతో ఉబ్బసం వచ్చినవాడికి సాధారణంగా వారం గడిచేకొద్దీ ముదిరి, సెలవు రోజు నెమ్మదిస్తుంది. బిసినోసిస్‌లో సెలవు తర్వాతి రోజే గడ్డు రోజు. దీనికి దూదిపోగు కంటే దాన్ని అంటిపెట్టుకుని వచ్చే చెత్త ఎక్కువ కారణమని ఇప్పుడు అనుకుంటున్నారు. పత్తికాయ చుట్టూ ఉండే ఎండు ఆకుల మీద ఒక జాతి బాక్టీరియా పెరుగుతుంది. దాని పైపొరలోని విషం, ఎండోటాక్సిన్, దుమ్ముతో కలిసి లోపలికి పోతుంది. రోజూ తగిలితే శరీరం కొంత తట్టుకుంటుంది, ఒకటి రెండు రోజులు విరామం దొరికితే ఆ తట్టుకునే గుణం సడలుతుంది, మళ్లీ మొదటిరోజు దెబ్బ గట్టిగా తగులుతుంది. పత్తిని దులిపే బ్లోరూమ్, ఏకే కార్డింగ్ విభాగం ఉన్న నూలు మిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. జిన్నింగులో పని ఏడాదిలో కొన్ని నెలలే కాబట్టి కొంత నయం.

బిసినోసిస్‌లో డాక్టర్లు పడే గుంట ఒకటుంది. దీనికి ఎక్స్‌రే మీద గుర్తేమీ ఉండదు. ఫిల్ము శుభ్రంగా ఉంది కాబట్టి జబ్బు లేదని చెప్పి పంపేస్తే మిల్లు కార్మికుడు నష్టపోయినట్టే. తేల్చుకోవాలంటే సెలవు తర్వాతి రోజు షిఫ్టుకు ముందు ఒకసారి, షిఫ్టు దిగాక ఒకసారి గాలి ఊదించి స్పైరోమెట్రీ చేయాలి. మొదటి సెకనులో బయటికి ఊదగల గాలి సాయంత్రానికి గణనీయంగా పడిపోతే దొరికినట్టే. అయితే ఇదే తర్కాన్ని తిప్పి నా రోగికి వాడొచ్చు. అతని ఎక్స్‌రే నిండా మచ్చలున్నాయి. పత్తి అలాంటి మచ్చలు చేయదు. మూడు సీజన్ల తర్వాత ఆ పని మానేశాడు, రొమ్ము పట్టేయడమూ మానేసింది. ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోతే ఆయాసం శాశ్వతమవుతుంది. ఇతను అంతదాకా పోలేదు. పత్తి తన గుర్తు ఒకటి వేసి వెళ్లిపోయింది, ఈ నేరం దానిది కాదు.

ఇక ఎక్స్‌రే. వెలుతురు పెట్టె మీద పెడితే రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో ఆవగింజల్లాంటి గుండ్రటి మచ్చలు, రెండు వైపులా దాదాపు ఒకే లెక్కన చల్లినట్టు. కిందికి వచ్చేకొద్దీ పలచబడ్డాయి. కొలిస్తే ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ పని కోసమే నమూనా ఎక్స్‌రేల కట్ట ఒకటి తయారుచేసింది. రోగి ఫిల్మును వాటి పక్కన పెట్టి, మచ్చ గుండ్రంగా ఉందా గీతలాగా ఉందా, ఎంత పరిమాణం, ఎంత ఒత్తుగా ఉంది అని పోల్చి ఒక గుర్తు రాస్తారు. గుండ్రటి వాటికి p, q, r అక్షరాలు, గీతల్లాంటి వాటికి s, t, u. ఇతనిది q. నగల దుకాణంలో గీటురాయి లాంటిదే ఈ కట్ట. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసినా మాట కలవడానికి.

టీబీ కూడా ఆవగింజల్లా చల్లినట్టు రావచ్చు. కానీ ఆ రకం టీబీ వచ్చిన మనిషి వారాల్లోనే జ్వరంతో మంచం పడతాడు, మచ్చలు పైనా కిందా తేడా లేకుండా ఉంటాయి. ఇతనికి జ్వరం లేదు. పైగా ఏడాదిన్నర కిందటి పాత ఫిల్ము కవర్లోనే ఉంది. రెండూ పక్కపక్కన పెడితే పెద్ద తేడా లేదు, కొద్దిగా ఒత్తయ్యాయి అంతే. వైద్యం లేని టీబీ ఇన్నాళ్లు అట్లా నిలబడి ఉండదు, మందులు వేసిన టీబీ కొంతైనా కరగాలి. ఊపిరితిత్తి మొదట్లో ఉండే శోషగ్రంథుల్లో ఒకదాని అంచు చుట్టూ గుడ్డు పెంకులా సన్నని సున్నపు గీత కూడా కనిపించింది. అది అందరికీ ఉండదు, ఒకోసారి వేరే జబ్బుల్లోనూ ఉంటుంది. పలుగురాయి పొడిలో ఆరేళ్లున్న మనిషికి కనిపిస్తే మాత్రం ఇక పెద్దగా వాదించాల్సిన పనిలేదు.

పలుగురాయి పొడి ఊపిరితిత్తిలో ఏం చేస్తుందో కొంచెం నిదానంగా చెప్పాలి. కృష్ణ ఒడ్డున ఇసుకలోనూ ఉన్నది ఎక్కువగా ఈ క్వార్ట్జే. అందులో పిల్లలు పొర్లాడతారు, ఎవరికీ సిలికోసిస్ రాదు. ఇసుక రేణువు పెద్దది, ముక్కు దాటి లోపలికి పోలేదు. ఊపిరితిత్తి చివరి గాలిగదుల దాకా పోగలిగేది సుమారు ఐదు మైక్రాన్ల లోపు రేణువు, అంటే మన వెంట్రుక మందంలో పదిహేనో వంతు. రాయిని పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు, విసిరినప్పుడు మాత్రమే అంత సన్నటి రేణువు పుడుతుంది. అప్పుడే పగిలిన ముఖాలున్న రేణువు పాతదానికంటే చురుకైనది కూడా.

గాలిగదుల్లో చెత్త ఊడ్చే కణాలుంటాయి, మాక్రోఫేజులు. దుమ్మును, క్రిములను మింగి బయటికి మోసుకుపోవడం వాటి పని. మామూలు మట్టిని అట్లాగే మోసేస్తాయి. సిలికా రేణువును మింగిన కణం మాత్రం చచ్చిపోతుంది. చస్తూ చస్తూ మంటపుట్టించే రసాయనాలు వదులుతుంది, రేణువు మళ్లీ బయటపడుతుంది, దాన్ని ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఈ రగడ చుట్టూ శరీరం మచ్చకణజాలం అల్లుతుంది, ఉల్లిపాయ పొరల్లా. ఎక్స్‌రేలో కనబడే ఆవగింజ అదే. రేణువు అరగదు, కరగదు. అందుకే మిల్లు మానేసిన తర్వాత కూడా జబ్బు పెరుగుతూనే ఉంటుంది. ఇతను 2015లో మానేశాడు, దగ్గు మొదలైంది 2021లో. "మిల్లు ఇడిచి ఎన్నో ఏండ్లాయె సార్, దానితోని ఎట్లయితది?" అని అతనే అడిగాడు. మొదటిసారి ఆ దుమ్ములో నిలబడ్డ 2009 నుంచి లెక్కపెడితే పన్నెండేళ్లు. మామూలుగా సిలికోసిస్ బయటపడడానికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది, దుమ్ము మరీ దట్టమైతే ఐదు పదేళ్లలోనే, అంతకంటే ఘోరమైతే నెలల్లోనే రావచ్చు. లెక్క అతికినట్టు సరిపోయింది.

దట్టం అంటే ఎంత? ఫ్యాక్టరీల చట్టంలో క్వార్ట్జ్‌కు ఒక సూత్రం పెట్టారు: లోపలికి పోగల సన్నటి దుమ్ములో నూటికి ఎంత క్వార్ట్జో దానికి 2 కలిపి, 10ని దానితో భాగించాలి. దుమ్మంతా క్వార్ట్జే అయితే 10ని 102తో భాగిస్తాం, ఘనపు మీటరు గాలికి సుమారు 0.1 మిల్లీగ్రాము. ఎనిమిది గంటల షిఫ్టులో కష్టపడే మనిషి ఇంచుమించు పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే రోజుకు ఒక మిల్లీగ్రాము. వంటింటి ఉప్పు రవ్వలు పదిహేనో ఇరవయ్యో కలిస్తే అంత బరువు. ఆ చట్టం ఒప్పుకున్న పరిమితే అది. అమెరికా 2016లో దాన్నీ ఎక్కువేనని సగానికి తగ్గించింది. పన్నెండు గంటలు పైపు మూతి దగ్గర నిలబడి, సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లబడి ఇంటికి పోయిన మనిషి ఎన్ని ఉప్పు రవ్వలు పీల్చి ఉంటాడో మీరే ఊహించుకోండి.

కనుబొమ్మల మీది తెలుపు నిజానికి అసలు ముద్దాయి కాదు. కంటికి కనిపించే దుమ్ము నిమిషాల్లో కిందికి దిగిపోతుంది. ఒక మైక్రాను రేణువు గాలి కదలని గదిలో మనిషి ఎత్తు దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మిల్లు ఆపేశాక షెడ్డు తేటగా కనిపిస్తుంది, అందరూ తువ్వాళ్లు తీసి అన్నం తింటారు. ఆ తేటగాలిలోనే అది తేలుతుంటుంది. అందుకే, ఎవరు ఏ పని చేశారో విడదీసి అడగాలి. మిల్లులో అందరికీ ఒకే మోతాదు తగలదు. లారీకి ఎత్తేవాడికంటే బస్తా నింపేవాడికి ఎక్కువ. చాలామంది లెక్కలోకి తీసుకోనిది ఊడ్చే పని. నేలమీద దిగిన సన్నపొడిని పొడి చీపురుతో మళ్లీ గాలిలోకి లేపడమే అది, ముఖానికి రెండడుగుల దూరంలో.

బెల్లం గురించి కూడా చెప్పాలి, ప్రతి రోగీ అడుగుతాడు కాబట్టి. షిఫ్టు అయ్యాక బెల్లం ముక్క తింటే దుమ్ము కడుక్కుపోతుందని క్రషర్లలో, మిల్లుల్లో గట్టి నమ్మకం. కొన్నిచోట్ల యజమానులే పంచుతారు. బెల్లం వెళ్లేది కడుపులోకి, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తిలో. రెండింటికీ దారులు గొంతు దగ్గరే విడిపోయాయి. గొంతులో గరగర తగ్గుతుంది, నిజమే. ఆ గరగర కలిగించేది పెద్ద రేణువు, దానితో ప్రాణానికి ముప్పు లేదు.

రాయి దుమ్ము అంతా ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. తాండూరు బండ, కడప బండ ముఖ్యంగా సున్నపురాయి. వాటిలో క్వార్ట్జ్ తక్కువ. కరీంనగర్ గ్రానైటులో క్వార్ట్జ్ అసలు ఖనిజాల్లో ఒకటి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని బజారులో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో అది గాబ్రో జాతి, అందులో క్వార్ట్జ్ నామమాత్రం. ఇప్పుడు వంటిళ్లలో గట్టుకు వేస్తున్న క్వార్ట్జ్ పలకలు వీటన్నిటికీ పై మెట్టు: పలుగురాయి పొడిని జిగురుతో అచ్చుపోసినవి, సిలికా నూటికి తొంభై పైన ఉండవచ్చు. వాటిని కోసే కుర్రవాళ్లకు సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై నుంచి వాటి వాడకాన్నే నిషేధించింది. కాబట్టి 'రాయి కోస్తాను' అని రోగి అంటే ఏ రాయి, నీళ్లు పోస్తూ కోస్తావా పొడిగానా అని అడగందే జత కుదరదు.

మన దేశంలో ఈ జబ్బును మొదట గట్టిగా లెక్కగట్టింది కోలారు బంగారు గనుల్లో. సినిమా పుణ్యమా అని కేజీఎఫ్ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. అక్కడ బంగారం దొరికేది క్వార్ట్జ్ పొరల్లోనే. పనిచేసినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ చాలామంది. 1940లలో చేసిన పరిశీలనలో నూటికి నలభైమందికి పైగా గని కార్మికుల్లో సిలికోసిస్ కనిపించింది. గనులకు రిజిస్టర్లున్నాయి, ఎవరు ఎన్నేళ్లు ఏ లోతులో పనిచేశారో రాతలో ఉంది, అందుకే లెక్క తేలింది. మా వాడి మిల్లులో హాజరు పలక మీద సుద్దతో రాసేవారట.

మూడో దుమ్ము మిగిలింది. ఆస్‌బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు, చక్కటి మాట: రాయే, కానీ నారలా చీలుతుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దీన్ని తవ్వేవారు. ఇప్పుడు దేశంలో తవ్వకం లేదు, విదేశాల నుంచి తెచ్చుకుని సిమెంటులో కలిపి రేకులు చేస్తున్నాం. ఇంటి మీద చెక్కుచెదరకుండా ఉన్న రేకు కింద పడుకున్నవాడికి పెద్ద ముప్పు లేదు. దాన్ని కట్టర్‌తో కోసేటప్పుడు, బోల్టుకు బెజ్జం వేసేటప్పుడు, పాతదాన్ని పగలగొట్టి దించేటప్పుడు లేచే నారతోనే ముప్పు. ఇతను కోసింది పొడిగానే.

ఆస్‌బెస్టోసిస్ అడ్రసు వేరు. సిలికా ఊపిరితిత్తి పైభాగంలో గుండ్రటి మచ్చలు వేస్తే, రాతినార కింది భాగంలో అల్లిబిల్లి గీతలు గీస్తుంది. వీపు కింది భాగాన స్టెతస్కోపు పెడితే ఊపిరి పీల్చే చివర్లో వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చరచర వినిపిస్తుంది. ఊపిరితిత్తి మీది పొర అక్కడక్కడ మందమై, ఎక్స్‌రేలో పలకల్లా కనబడుతుంది. ఇతని వీపు మీద ఎంతసేపు చెవిపెట్టి విన్నా ఆ చప్పుడు లేదు. గీతలు లేవు, పలకలు లేవు. ఉండవు కూడా: మొదటి రేకు కోసింది 2015లో, నేను చూస్తున్నది 2023లో. ఆస్‌బెస్టోసిస్ తేలడానికి సాధారణంగా ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ పొరకే వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరుకు ముప్పై, నలభై. అంటే ఇతనికి ఈ లెక్క 2035 తర్వాత మొదలై 2055 దాకా నడుస్తుంది. ఇప్పటికి రాతినార నిర్దోషి అనలేం, దాని కేసు ఇంకా విచారణకు రాలేదు, అంతే.

జేబులో బీడీకట్ట కనిపించింది. ఇక్కడ ఒక పాత లెక్క చెప్పక తప్పలేదు. 1979లో అమెరికాలో సెలికాఫ్, ఆయన సహచరులు వెలువరించిన లెక్క ప్రకారం, పొగతాగని, రాతినార తగలని మనిషికి ఊపిరితిత్తి క్యాన్సరు ముప్పు ఒకటనుకుంటే, రాతినార మాత్రమే తగిలినవాడికి ఐదు, పొగ మాత్రమే తాగేవాడికి పదకొండు, రెండూ ఉన్నవాడికి యాభై మూడు. కూడిక కాదది, గుణింతం. పలుగురాయిని నేను బయటికి తీయలేను, పీల్చిన నారనూ తీయలేను. ఆ గుణింతంలో మన చేతిలో ఉన్న అంకె బీడీ ఒక్కటే అని చెప్పాను. కట్ట బల్ల మీద పెట్టాడు. వెళ్లేటప్పుడు మళ్లీ తీసుకున్నాడనుకోండి.

1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో ఒక మంచి మాట చెప్పింది: ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డు పనిలో చేరిన నాటినుంచి నలభై ఏళ్లు, లేదా మానేసిన తర్వాత పదిహేనేళ్లు, ఏది తర్వాత అయితే అంతదాకా భద్రపరచాలి అని. జబ్బు నడక తెలిసి చెప్పిన లెక్క అది. ఫ్యాక్టరీలో రేకు తయారుచేసేవాడికి ఆ తీర్పు రక్షణ. ఫ్యాక్టరీ గేటు దాటిన రేకును ఎండలో కోసేవాడికి యజమాని ఎవరు? మేస్త్రీ. మేస్త్రీ దగ్గర రికార్డు ఏముంటుంది?

జత కుదిరింది, సిలికోసిస్ అని రాశాను. చీటీలో 'కూలి' కొట్టేసి 'పలుగురాయి పొడి మిల్లు, బస్తా నింపే పని, పొడి పద్ధతి, 2009–2015' అని రాశాను. కింద ఇంకో వరుసలో 'సిమెంటు రేకులు కోయడం, 2015 నుంచి' అని. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్, బిసినోసిస్ మూడూ ఉండేవి. గుర్తించిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలి. కొత్త కార్మిక కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. రాసి పంపాను. ఉద్యోగుల నష్టపరిహారం చట్టంలోనూ ఈ జబ్బులు ఉండేవి. అడుగడుగునా అడ్డుపడేది ఒకటే ప్రశ్న: అక్కడ పనిచేసినట్టు రుజువేది? రాజస్థాన్ 2019లో దీనికోసమే ఒక విధానం తెచ్చి, మెడికల్ బోర్డు జబ్బును ధ్రువీకరిస్తే సాయం అందేట్టు చేసింది. మా వాడి మిల్లుకు ఇప్పుడు పేరు మారింది, యజమాని మారాడు.

మందు లేదని చెప్పడం కష్టమైన పని. మచ్చను కరిగించే మందు ఇప్పటికీ లేదు. ఆయాసానికి ఇన్‌హేలరు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, దుమ్ము పనికి దూరం, టీబీ మీద ఓ కన్ను. ఈ చివరిది మాట వరసకు అనలేదు. క్రిమిని మింగి చంపాల్సిన మాక్రోఫేజులే సిలికా చేతిలో చస్తున్నాయి కదా, కాబట్టి సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ మామూలు మనుషులకంటే చాలా తేలిగ్గా అంటుతుంది, నిద్రపోతున్నది లేస్తుంది. అందుకే టీబీ లేని సిలికోసిస్ రోగికి, లోపల దాగిన క్రిమికోసం పరీక్ష చేసి ముందుజాగ్రత్త మందులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్షకు రాశాను. అతను రాలేదు, పనికి పుణె పోయాడని తర్వాత తెలిసింది.

ఏడాదిన్నర తర్వాత వచ్చాడు. ఈసారి జ్వరం, ఉమ్మిలో రక్తం. పరీక్షలో క్రిమి కనిపించింది. రెండుసార్లు లేని టీబీకి మందులు మింగిన మనిషికి మూడోసారి నిజంగానే టీబీ వచ్చింది. సిలికోసిస్‌తో కలిసినప్పుడు ఆరు నెలల కోర్సు సరిపోకపోవచ్చు, పొడిగించాల్సి వస్తుంది. ఆ సంగతి చెబితే అతను నమ్మలేదు, పాత కవర్లన్నీ బల్ల మీద పరిచాడు. రెండుసార్లు ఉత్తిగనే మింగిచ్చిన్రు, ఇప్పుడు నిజమంటే ఎట్లా నమ్మాలి అని. నమ్మకపోవడానికి అతనికి కారణం ఉంది.

అతనితో పాటు షెడ్డులో చేసినవాళ్ల పేర్లు అడిగాను, ఎక్స్‌రేలు తీయిద్దామని. ఒకరికి జబ్బు వచ్చిందంటే అదే పైపు మూతి దగ్గర నిలబడ్డ వాళ్లందరినీ వెతకాలి, ఈ జబ్బు తీరే అంత. అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు, ఒక్కో వేలి దగ్గర ఆగి, ఉన్నాడు, పోయిండు, తెల్వదు అంటూ. ఆఖరి వేలు మడిచి, "మా తమ్ముడైతే ఇంకా ఆడనే చేస్తుండు సార్" అన్నాడు.

"బస్తాలు నింపుతాడా?"

"లేదు సార్. ఊడుస్తడు."

"నీళ్లు చల్లి ఊడుస్తాడా?"

"పిండి తడిస్తే గడ్డ కడతది సార్. సేటు ఊకోడు."